వెనక నుంచి పిలవని ప్రశ్న

ఉత్తరం వచ్చినప్పుడు నాంచారమ్మ పిల్లాడికి ఉగ్గు పెడుతోంది. పోస్టు బంట్రోతు గడప దగ్గర నిలబడి, "నీ పేరు మీదే వచ్చిందమ్మోయ్, మీ ఆయన పేరు మీద కాదు" అని కవరును అటూ ఇటూ తిప్పి చూపించి మరీ ఇచ్చాడు. ఆ వీధిలో ఆడమనిషి పేరుతో ఉత్తరం రావడం అదే మొదలు. పక్కింటివాళ్ళు కూడా చేటలు పట్టుకుని గడపల్లోకి వచ్చి నిలబడ్డారు.

మాచర్లలో రైలు స్టేషనుకి ఇవతల, నాపరాళ్ళ కప్పు వేసిన పొడుగాటి ఇంట్లో పురుళ్ళ కేంద్రం ఒకటి ఉంది. ఆ కేంద్రానికి పెద్ద హనుమాయమ్మ గారు. గుంటూరులో మంత్రసాని చదువు చదివి వచ్చిన మనిషి. అక్కడ పని నేర్చుకోవడానికి ఒక అమ్మాయి కావాలి, తెలుగు చదవడం రాయడం వస్తే చాలు అంటే నాంచారమ్మ అర్జీ పెట్టుకుంది. క్వారీలో రాయి జారి మొగుడు యల్లమంద మోకాలు నలిగినప్పటి నుంచి ఆ ఇంట్లో పొయ్యి ఒక పూట వెలిగితే ఒక పూట వెలగడం లేదు. మాచవరం బడిలో ఐదో తరగతి సగంలో ఆపించి పెళ్ళి చేశారు ఆమెకు. ఆ సగం చదువే ఇప్పుడు అక్కరకొచ్చింది.

పిల్లాణ్ణి అత్త ఒళ్ళో పడేసి, చెయ్యి కడుక్కుని, దీపం గూటి కింద కూర్చుని ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ పైకి చదివింది.

"చిరంజీవి సౌభాగ్యవతి నాంచారమ్మకు హనుమాయమ్మ ఆశీర్వదించి వ్రాయునది. నిన్ను మా కేంద్రంలో పని నేర్చుకునేందుకు తీసుకున్నాము. వచ్చే సోమవారం పొద్దున్నే రావలెను. గోళ్ళు తీసుకొని, చేతి గాజులు మోచేతి పైకి ఎగదోసుకొని, ఉతికిన తెల్లచీర కట్టుకొని రా. పాలు తాగే బిడ్డ ఉన్నదని విన్నాను. మధ్యాహ్నం ఇంటికి వెళ్ళి పాలిచ్చి రావచ్చును, ఎవరూ ఏమీ అనరు. మొదటి నెల నీవు చూచుటయే పని. నా వెంట ఉండి చూడు. రెండవ నెల నుంచి చేయి కలుపుదువు గాని. అన్నిటికన్న ముఖ్యమైన మాట: నీకు ఏ సందేహం వచ్చినా అడుగు. ఎంత చిన్నదైనా సరే, ఎంత వెర్రిదైనా సరే, ఏ వేళనైనా సరే. నేను తింటున్నా, పడుకున్నా, పనిలో ఉన్నా అడుగు. అడిగినందుకు ఇక్కడ ఎవరూ నవ్వరు. మన పనిలో అడగని ప్రశ్న ప్రాణం మీదికి తెస్తుంది."

యల్లమంద మంచం మీద కాలు చాపుకుని నవ్వాడు. "నీ సంగతి ఆవిడకేం తెలుసు? ఏ వేళనైనా అడగమందా! ఇంక ఆవిడకి నిద్రున్నట్టే."

"నవ్వబాకు" అంది నాంచారమ్మ. కానీ ఆమెకూ నవ్వొచ్చింది.

అత్త రోశమ్మ మాత్రం నవ్వలేదు. మనవడి మూతి తుడుస్తూ, "అడిగేవాడికి చెప్పేవాడు లోకువంట. అట్టాంటిది చెప్పేవాళ్ళే అడగమంటన్నారంటే నాకు నమ్మకం లేదే. పెద్దోళ్ళు అనే మాట ఒకటుంటది, అనని మాట ఒకటుంటది. నువ్వు ఆ అననిది చూసుకుని మసులుకో" అంది.

ఆ ఉత్తరాన్ని నాంచారమ్మ నాలుగు మడతలు పెట్టి పసుపు డబ్బాలో దాచుకుంది.

*

అత్త మాట తప్పేమో అనిపించింది మొదట్లో. హనుమాయమ్మ గారు నిజంగానే అడిగించుకునే మనిషి. సన్నగా, పొడుగ్గా, నుదుట బొట్టు లేకుండా, తెల్లచీర కొంగు బొడ్లో దోపుకుని గదుల్లో చప్పుడు లేకుండా తిరిగేది. పదహారో ఏట మొగుడు పోతే, ఇంట్లో మూల కూర్చోబెడతామన్న అన్నగారిని కాదని గుంటూరు వెళ్ళి చదువుకుందట. పొద్దున్నే ఆమె వీధిలోకి వస్తే ఊరి పెద్దలు చెప్పులు విడిచి మళ్ళీ లోపలికి వెళ్ళి కాసిని నీళ్ళు తాగి బయల్దేరేవాళ్ళు. అదే పెద్దల కోడళ్ళకు నొప్పులొస్తే అర్ధరాత్రి ఆమె తలుపే కొట్టేవాళ్ళు.

నాంచారమ్మ అడిగింది. కత్తెర ఎందుకు అంతసేపు మరగాలి? బొడ్డుకు కట్టే దారం కూడా ఎందుకు ఉడకెయ్యాలి? మాయ పడకముందే బొడ్డుతాడు పట్టి లాగితే ఏమవుద్ది? మా ఊళ్ళో బొడ్డుకు బూడిద అద్దుతారు గదా, ఆ బూడిద నిప్పులోంచి వచ్చిందే గదా, అందులో తప్పేముంది?

ఈ చివరి ప్రశ్నకు హనుమాయమ్మ గారు చేస్తున్న పని ఆపి ఆమెను చూసింది. "మంచి ప్రశ్న. నిప్పులోంచి వచ్చినప్పుడు శుభ్రమే. తర్వాత దాని మీద పిల్లి పడుకోలా? కోడి కెలకలా?" అంది. నవ్వలేదు. తర్వాత ఇంకో మాట అంది: "నేను నేర్చుకునేటప్పుడు ఇట్టాంటిదే ఒకటి అడిగితే మా దొరసాని చెంప మీద కొట్టింది. ఆ రోజే అనుకున్నా, నా దగ్గరికి ఎవరన్నా నేర్చుకోను వస్తే ముందే ఉత్తరం రాస్తానని. నీకు రాసింది నాలుగో ఉత్తరం."

శనివారం సాయంత్రం గదులన్నీ కడిగాక ఆమె వెనక వసారాలో రాతి మెట్టు మీద కూర్చునేది. "ఊ, ఈ వారం మూట విప్పు" అనేది. మూటలో ప్రశ్నలు లేకపోతే ఆమె మొహం ముడుచుకునేది. "ఏమీ లేదంటే ఏమీ చూడలేదని అర్థం" అనేది.

పుట్టిన బిడ్డ కళ్ళలో వేసే చుక్కల మందు గురించి నాంచారమ్మ తెలుసుకుంది అలాంటి ఒక శనివారమే. తల్లికి లోపలి జబ్బు ఉంటే, బిడ్డ బయటికి వచ్చే దారిలో అది కళ్ళకు అంటుకుంటుంది. మూడో రోజుకు రెప్పలు వాచి చీము కారుతుంది, ఆపైన గుడ్డితనం. అందుకని పుట్టగానే రెప్పలు తుడిచి, కంటికొక్క చుక్క చొప్పున ఆ మందు వెయ్యాలి. వెండిని కరిగించి చేసిన మందు అది. వెలుగు తగిలితే పాడవుతుంది కనుక ముదురు గోధుమరంగు సీసాలో చీకటి అల్మరాలో ఉంటుంది. చేతికి అంటితే మర్నాటికి వేలు నల్లబడుతుంది. చుక్క వేశాక కాసేపాగి ఉప్పు కలిపి కాచిన నీళ్ళతో కడగాలి. ఉప్పునీళ్ళు తగిలితే మందు బలం విరిగిపోతుంది.

"బలమా?" అంది నాంచారమ్మ. "అంత బలమైందా అమ్మగారూ?"

"నూరు పాళ్ళ నీళ్ళలో ఒక పాలు మందు. ఆ మాత్రం చాలు. ఎక్కువైతే కన్నే పోతుంది" అని హనుమాయమ్మ గారు సీసా చేతికిచ్చింది. చీటీ మీద అన్నీ ఇంగ్లీషు అక్షరాలు. నాంచారమ్మకు అందులో తెలిసింది అంకె ఒక్కటే. ఒకటి, దాని పక్కన ఒక ఏటవాలు గీత, ఆ గీతకు అటొకటి ఇటొకటి చిన్న సున్నాలు. ముగ్గు చుక్కల్ని గుర్తుపెట్టుకున్నట్టు ఆ గుర్తు మనసులో పెట్టుకుంది.

రెండో నెల చివరకు ఆ చుక్కలు వేసే పని ఆమెదే అయింది. కుడి చూపుడువేలి కొన ఎప్పుడూ నల్లగా ఉండేది. ఇంట్లో కొడుకు కోటేశ్వర్లు ఆ వేలును పట్టుకుని నోట్లో పెట్టుకోబోతే ఉలిక్కిపడి లాక్కునేది. మందు పోయి మచ్చే మిగిలిందని తెలిసినా లాక్కునేది. తల్లి భయం తెలివి మాట వినదు.

*

అట్లా అడిగే చనువు చెడింది ఒక చిన్న దూది ముక్క దగ్గర.

ఒకరోజు పొద్దున రెంటచింతల నుంచి కబురొచ్చింది. కేంద్రం బండి తోలే పెదకోటయ్య ఎడ్లు కట్టి వాకిట్లో పెట్టాడు. హనుమాయమ్మ గారు సంచీ పట్టుకుని, ఒక కాలు బండి తొట్టిలో పెట్టింది. అప్పుడు గుర్తొచ్చింది నాంచారమ్మకు, ఆరబెట్టిన దూది ఏ డబ్బాలో సర్దాలో అడగలేదని. గడప దాటి పరిగెత్తుకొచ్చి వెనక నుంచి, "అమ్మగారూ! ఆగండి, దూది ఎందులో పెట్టమంటారు?" అని కేకేసింది.

ఎడ్లు కూడా ఆగినట్టయింది. పెదకోటయ్య నాలుక కరుచుకున్నాడు. హనుమాయమ్మ గారు కాలు దించి, వెనక్కి వచ్చి, వసారాలో రాతి మెట్టు మీద కూర్చుంది. చెంబెడు నీళ్ళు తెమ్మంది. తాగింది. కాళ్ళు కడుక్కుంది. "తెల్ల డబ్బాలో పెట్టు" అని అప్పుడు చెప్పి మళ్ళీ బయల్దేరింది.

సాయంత్రం బండి తిరిగొచ్చింది. తల్లి బతికింది, బిడ్డ బతకలేదు. మెడకు పేగు చుట్టుకుని పుట్టాడట. హనుమాయమ్మ గారు సంచీ కింద పెట్టి, చేతులు కడుక్కుంటూ, తల తిప్పకుండానే అంది: "నాంచారమ్మా. బయల్దేరిన మనిషిని ఇంకెప్పుడూ వెనక నుంచి పిలవకు."

అంతే అంది. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది.

ఎడ్లకు గడ్డి వేస్తూ పెదకోటయ్య ఆ మిగతాది పూర్తి చేశాడు. "ఏమే పిల్లా, మీ ఇంట్లో పెద్దోళ్ళు లేరా ఏంది? గేదె దూడకు కూడా తెలుసుద్ది ఆ ముక్క. ఈ మహాతల్లి ఎదురొస్తేనే ఊరంతా చెడ్డదంటది. పైన నీ కేక ఒకటి!"

"ఏ వేళనైనా అడగమని రాసింది బాబాయ్, అందుకని..."

"రాసిద్ది. బండెక్కేప్పుడు అని రాసిందా?"

నాంచారమ్మ పుట్టి పెరిగిందీ ఆ నమ్మకంలోనే. ఎవరన్నా బయల్దేరితే 'ఎక్కడికి' అని కూడా అడగని ఇల్లు వాళ్ళది. ఉత్తరంలో ఉన్న 'ఏ వేళనైనా' అన్న మాట చూసి తన తల్లి నేర్పింది పక్కన పెట్టింది, అంతే. ఒక బిడ్డ పోయాడు. పేగు చుట్టుకునే పోయాడని ఆమె బుర్రకు తెలుసు. రాత్రి కొడుక్కి పాలిస్తుంటే మాత్రం తన కేకే ఆ బిడ్డ మెడకు చుట్టుకున్నట్టు అనిపించింది.

ఆ శనివారం మూట విప్పమంటే రెండే ప్రశ్నలు విప్పింది. మిగతావి కట్టేసుకుంది.

*

యుద్ధం రోజులు. గుంటూరు నుంచి రైల్లో రావలసిన మందులు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేనట్టు. ఆ వారం ఒక చెక్కపెట్టె వచ్చింది. హనుమాయమ్మ గారు సంతకం చేసి దింపించింది. వెంటవెంటనే రెండు కాన్పులు రావడంతో పెట్టె విప్పడానికి తీరిక చిక్కలేదు. "మేకులు ఊడదీసి సీసాలు అల్మరాలో పెట్టు, పాతవి అయిపోయాక వాడదాం" అని నాంచారమ్మకు చెప్పింది. పెట్టెలో గడ్డి మధ్య ఇంగ్లీషులో టైపు కొట్టిన కాగితం ఒకటుంది. నాంచారమ్మ దాన్ని తీసి హనుమాయమ్మ గారి మేజా మీద పెట్టింది. దాని మీద సంచీ పడింది, సంచీ మీద తువ్వాలు పడింది.

మర్నాడు తెల్లవారేసరికి దుర్గమ్మకు కాన్పయింది. దుర్గమ్మ మొగుడు బ్రహ్మయ్య క్వారీలో యల్లమందతో పాటు రాయి కొట్టినవాడే. మగబిడ్డ. ఏడుపు వీధి చివరిదాకా వినపడింది. హనుమాయమ్మ గారు బొడ్డు కోసి కట్టి, మాయ చూసి, తల్లి కడుపు అదిమి చూసుకుంటుండగా వాకిట్లో ఏడుపు వినపడింది. దుర్గి అనే ఊరి నుంచి ఒక ముసలాయన నడిచి వచ్చాడు. కూతురికి నిన్నటి నుంచి నొప్పులు, బిడ్డ చెయ్యి ముందొచ్చిందట.

హనుమాయమ్మ గారి మొహం మారిపోయింది. "పెదకోటయ్యా, ఎడ్లు కట్టు!" అని అరిచింది. చేతులు కడుక్కుంటూనే, "నాంచారమ్మా, బిడ్డకు చుక్కలు వెయ్యి. తల్లికి గంజి ఇవ్వు. నెత్తురు ఎక్కువ పోతే కాళ్ళ వైపు మంచం ఎత్తి ఇటుకలు పెట్టు. నేను సాయంత్రానికి వస్తా" అంది. సంచీ పట్టుకుని నడిచింది.

నాంచారమ్మ అల్మరా తీసింది. పాత సీసా ఎత్తి చూసింది. అడుగున తడి తప్ప ఏమీ లేదు. కొత్త సీసా తీసింది. అదే గోధుమరంగు. అవే ఇంగ్లీషు అక్షరాలు, ఆమెకు తెలిసినంతలో. చివర్న అంకె చూసింది. ఒకటి. దాని పక్కన ఒక సున్నా. ఆ తర్వాత ఏటవాలు గీత, అటొక చిన్న సున్నా, ఇటొక చిన్న సున్నా.

పాత సీసా మీద ఒకటి పక్కన సున్నా లేదు.

రెండు సీసాలూ పక్కపక్కన పెట్టి చూసింది. అచ్చు వేసేవాడు మార్చి వేశాడేమో. ఈ కంపెనీ వాళ్ళు ఇట్లా రాస్తారేమో. ఎంత చిన్నదైనా సరే అడుగు. ఇంతకన్నా చిన్న ప్రశ్న ఇంకేముంటుంది? ఒక సున్నా. 'ఈ సున్న ఏందమ్మగారూ?' అంటే సరిపోతుంది. ఒక్క మాట. సీసా చేత్తో పట్టుకుని గడప దాకా పరిగెత్తింది.

హనుమాయమ్మ గారి ఒక కాలు బండి తొట్టిలో ఉంది. వీపు ఇటు ఉంది. ముసలాయన బండి వెనక చెక్క పట్టుకుని, "బిరాన పోనియ్యి నాయనా, బిరాన" అని ఏడుస్తున్నాడు. చెయ్యి ముందొచ్చిన కాన్పు. అక్కడ ఒక తల్లి, ఒక బిడ్డ. నాంచారమ్మ నోరు తెరిచింది. తెరిచిన నోట్లోనే మాట ఆగిపోయింది. రెంటచింతల బిడ్డ మెడ కనపడింది కళ్ళ ముందు.

రెండో కాలు కూడా తొట్టిలోకి వెళ్ళింది. ఎడ్లు కదిలాయి. గంటల చప్పుడు స్టేషను మలుపు దాకా వినపడి తగ్గిపోయింది.

లోపల దుర్గమ్మ, "అక్కా, బిడ్డ తుమ్మాడే!" అని మురిసిపోతోంది.

చుక్కలు వెయ్యకపోతే? తల్లికి జబ్బుందో లేదో ఎవరికి తెలుసు? సాయంత్రం దాకా ఆగితే మందు వేసీ లాభం ఉండదేమో. వెయ్యమని చెప్పి వెళ్ళింది. చెప్పిన పని చెయ్యకపోతే రేపటి నుంచి రావద్దంటే? ఇంట్లో కాలు చాపుకుని పడుకున్న మొగుడు, పాలకు ఏడ్చే పిల్లాడు. నాంచారమ్మ గాజు గొట్టంలోకి మందు పీల్చింది. రెప్పలు తుడిచింది. ఎడమ కన్ను విప్పి ఒక చుక్క వేసింది.

బిడ్డ ఏడవలేదు. అరిచాడు. పుట్టినప్పుడు పెట్టిన కేక లాంటిది కాదది. కాళ్ళు ముడుచుకుని, ఒళ్ళంతా బిగదీసుకుని అరిచాడు. నాంచారమ్మ తన వేలు చూసుకుంది. మందు అంటిన చోట ఎప్పుడూ మర్నాటికి గానీ రంగు మారదు. ఇప్పుడు అప్పటికప్పుడే తోలు తెల్లగా పాలిపోయి చురుక్కుమంటోంది.

గొట్టం నేలకేసి కొట్టింది. కుడి కంట్లో వెయ్యలేదు. ఉప్పునీళ్ళ గిన్నె అందుకుని ఎడమ కంట్లో ధారగా పోసింది. అయిపోతే మళ్ళీ కలిపింది, మళ్ళీ పోసింది. కంట్లోంచి విరిగిన పాల లాంటిది తెల్లగా కారింది. దుర్గమ్మ మంచం మీద లేచి కూర్చుని, "ఏందక్కా, ఏం జేస్తన్నావే నా బిడ్డని!" అని కేకలేస్తోంది. నాంచారమ్మ చన్నుల నుంచి పాలు కారి రవిక తడిసిపోయింది. కొడుక్కి పాలిచ్చే వేళ దాటిపోయిందని అది గుర్తుచేసింది. ఆమె కదల్లేదు.

*

దుర్గి ఊళ్ళో తల్లీ బిడ్డా ఇద్దరూ బతికారు. చెయ్యి లోపలికి నెట్టి, బిడ్డను తిప్పి, కాళ్ళు పట్టి లాగి తీసిందట హనుమాయమ్మ గారు. అంత గట్టి పని చేసి, మొహం వెలిగిపోతూ తిరిగొచ్చింది. గడప దగ్గరే నాంచారమ్మ సీసా చూపించింది. హనుమాయమ్మ గారు చీటీ చదివింది. సంచీ చేతిలోంచి జారిపోయింది.

పుళ్ళ మీద అద్దే మందు అది. కళ్ళకు వాడాలంటే పదింతలు నీళ్ళు కలపాలి. తయారుచేసిన చుక్కల సీసాలు దొరక్క, ఇది పంపుతున్నాము, కలిపి వాడుకోండి అని ఆ టైపు కాగితంలో ఉంది. కాగితం ఇంకా తువ్వాలు కిందే ఉంది.

వారం తిరిగేసరికి బిడ్డ ఎడమ కంటి మీద తెల్లటి పొర కట్టింది. కుడి కన్ను నిలిచింది.

విచారణకు గురజాల నుంచి ధనుంజయరావు డాక్టరు గారు వచ్చారు. మద్రాసులో చదివిన మనిషి. హనుమాయమ్మ గారి కుర్చీలో ఆయన కూర్చున్నారు. ఆమె గోడ పక్కన నిలబడింది, నాంచారమ్మ గుమ్మం దగ్గర. దుర్గమ్మ మొగుడు బ్రహ్మయ్య బయట అరుగు మీద తువ్వాలు మొహాన కప్పుకుని కూర్చున్నాడు.

"నీకు సందేహం రాలేదా?" అన్నారు డాక్టరు గారు.

"వచ్చిందండి. సున్న ఒకటి ఎక్కువుందని."

"అప్పటికి ఈమె ఇక్కడే ఉన్నారా?"

"వాకిట్లో ఉన్నారండి."

"మరి అడగవేం?"

"బండెక్కుతన్నారండి."

"ఎక్కుతుంటే?" ఆయనకు అర్థం కాలేదు. "ఎక్కుతుంటే చెవులు వినపడవా?"

"బయల్దేరిన మనిషిని వెనక నుంచి పిలవకూడదు గదండి" అని నాంచారమ్మ హనుమాయమ్మ గారి వైపు చూసింది. ఒక్క మాట ఆమె నోటి నుంచి వస్తే చాలు. 'వెనక నుంచి పిలవొద్దని నేనే చెప్పాను.' అంతే. హనుమాయమ్మ గారి కళ్ళు నేల మీది నాపరాయి అతుకు వెంట అటూ ఇటూ నడిచాయి. తర్వాత ఆమె మేజా సొరుగు తీసి ఒక కాగితం డాక్టరు గారి ముందు పెట్టింది. నాంచారమ్మకు రాసిన ఉత్తరం తాలూకు నకలు.

"నేను రాతపూర్వకంగా చెప్పానండి" అంది. "ఏ వేళనైనా అడగమని. ప్రశ్న అడగొద్దని ఏనాడూ అనలేదు."

అది అబద్ధం కాదు. ప్రశ్న అడగొద్దని ఆమె అనలేదు.

డాక్టరు గారు ఉత్తరం మొదటి నుంచి చివరి దాకా చదివారు. "చాలా మంచి ఉత్తరం" అన్నారు. "ఇంతకన్నా ఏం రాస్తారు ఎవరైనా? అడగమంటే అడగకపోవడం ఈ పిల్ల తప్పు. మూఢనమ్మకాలున్న మనుషుల్ని ఈ పనిలోకి తీసుకోకూడదు."

పెట్టె ఎవరు విప్పాలి, కాగితం ఎవరు చదవాలి అని ఆయన అడగలేదు. ఆ ప్రశ్న కూడా చిన్నదే.

నాంచారమ్మ తెల్లచీర కొంగు విప్పి భుజాన వేసుకుని బయటికి వచ్చింది. బ్రహ్మయ్య తువ్వాలు తీసి ఆమెను చూసి మొహం తిప్పుకున్నాడు. చెట్టు కింద ఎడ్లను తోముతున్న పెదకోటయ్య నాంచారమ్మ దగ్గరికి వచ్చి, తనలో తను అనుకున్నట్టు అన్నాడు:

"పిలవకూడదు, నిజమే. ఎదురు రావొచ్చు గదే పిచ్చిదానా! ఆ గుడిసెల సందులోంచి అడ్డదారిన పోతే మలుపు దగ్గర నా ఎడ్లకు ఎదురొచ్చేదానివి. ముత్తైదువ్వి, పసుపు మొహమూ నువ్వూ. నువ్వు ఎదురొస్తే శకునం మంచిదయ్యేది గానీ చెడేదా? బండి ఆపేవాణ్ణి. ఆమె దణ్ణం పెట్టి ఆగేది. సీసా చూపిచ్చేదానివి."

నాంచారమ్మ ఆ సందు వైపు చూసింది. అంత దగ్గర. ఆ పొద్దున తన కాళ్ళు గడప మీద ఎందుకు అతుక్కుపోయాయో తెలియలేదు. నమ్మకంలో సగమే నమ్మింది తను. భయపెట్టే సగం.

"ఇప్పుడు చెబుతావా బాబాయ్" అంది.

*

యల్లమంద కాలు కొంచెం కుదిరి స్టేషను దగ్గర మూటలు మోస్తున్నాడు. నాంచారమ్మ మిరపకాయలు తొడిమలు తీసే పనికి పోతోంది. నల్లమచ్చ వేలి నుంచి ఎప్పుడో పోయింది. దుర్గమ్మ కొడుకు నడక నేర్చాడు. వీధిలో ఎవరన్నా ఎడమ పక్క నుంచి పిలిస్తే మొహమంతా తిప్పి చూస్తాడు. నాంచారమ్మ కనపడితే దుర్గమ్మ వాణ్ణి చంకనెత్తుకుని లోపలికి పోతుంది.

ఒకనాటి పొద్దున వీధి చివరి ఇంటి పిల్ల రత్నకుమారి వచ్చింది. ఏడో తరగతి దాకా చదివింది. చేతిలో ఉత్తరం.

"పిన్నీ, పురుళ్ళ కేంద్రంలో నన్ను తీసుకున్నారు. ఇయ్యాల్టి నుంచే. నువ్వు అక్కడ చేశావంట గదా. ఆవిడ మంచిదేనా?"

రోశమ్మ లోపలి నుంచి, "ఆ మంచితనం సంగతి మమ్మల్ని అడుగు" అని గొణిగింది. నాంచారమ్మ ఉత్తరం తీసుకుంది. ఈసారి కూడబలుక్కోనక్కర్లేకపోయింది. గోళ్ళు, గాజులు, తెల్లచీర, మొదటి నెల చూచుటయే పని. ఏ సందేహమైనా, ఎంత చిన్నదైనా. అన్నీ అవే మాటలు. చివర ఒక్క వాక్యం మాత్రం కొత్తది.

"నేను బయటికి వెళ్ళే ముందు, వాకిలి దాటకముందే, నీకేమైనా సందేహమున్నదా అని నేనే నిన్ను అడుగుతాను. నీవు లేదని చెప్పిన తరువాతనే బయలుదేరుతాను."

నాంచారమ్మ ఆ వాక్యం మీద చాలాసేపు చూపు నిలిపింది. ఎక్కడి నుంచి వచ్చిందో ఆ వాక్యం రత్నకుమారికి తెలియదు. డాక్టరు గారికి తెలియదు. అందులో తన పేరు లేదు, బ్రహ్మయ్య కొడుకు పేరూ లేదు. గోడ పక్కన నిలబడ్డ రోజు నోట్లోంచి రాని ముక్క ఇట్లా కాగితం మీదికి వచ్చింది, ఇంకొకరి పేరుతో.

"మంచిదే. పని వచ్చిన మనిషి. అడిగితే చెబుద్ది" అంది. ఉత్తరం మడిచి ఇచ్చేసింది.

పిల్ల సంబరంగా గడప దిగి వీధిలోకి నడిచింది. అప్పుడు వచ్చింది నాంచారమ్మకు అసలు మాట. చీటీ చదవడం రాకపోతే సీసా ముట్టుకోబాకు. అంకె మారితే చెయ్యి కడుక్కుని కూర్చో, ఏడిస్తే ఏడవనీ బిడ్డని. పెట్టెలో కాగితం ఉంటే ఆమె చేతిలో పెట్టి, చదివిందాకా కదలబాకు. పిలవబోయి, గడప మీద ఆగింది.

కొంగు నడుముకు చుట్టింది. కోటేశ్వర్లు "అమ్మా" అని చెయ్యి చాపితే, "ఉండు నాయనా" అని అత్త వైపు నెట్టింది. ఇంటి వెనక గుమ్మంలోంచి దిగి, గోడల మధ్య సందులో చెప్పులు లేకుండా పరిగెత్తింది. పేడకుప్ప దాటింది, నాపరాళ్ళ దొంతరలు దాటింది. స్టేషను మలుపు దగ్గర, రొప్పుకుంటూ, పసుపు మొహానికి చెమట పట్టి, రత్నకుమారికి ఎదురు వచ్చి నిలబడింది.

"అబ్బ, పిన్నీ, మంచి శకునమే!" అని నవ్వింది పిల్ల.

నాంచారమ్మకు రొప్పు తగ్గలేదు. చెప్పవలసింది చెప్పడానికి ముందు, ఆ సందులోకి ఒకసారి తిరిగి చూసింది. ఆ దారిన రావడానికి ఎంతసేపూ పట్టలేదు.